నాలుగు సెంటీమీటర్లు జరిగిన ఈటె

1984 జులై 20న తూర్పు బెర్లిన్‌లో ఊవే హోన్ విసిరిన జావెలిన్ 104.80 మీటర్ల దూరంలో నేలను తాకింది. వంద మీటర్లు దాటించినవాడు అంతకుముందు లేడు, ఆ తర్వాతా లేడు. ట్రాక్ లోపల ఉండే పచ్చిక మైదానం పొడవే దాదాపు అంత. ఇంకాస్త బలవంతుడు వస్తే ఈటె అవతలి వైపు పరిగెత్తేవాళ్ల మీద పడే ప్రమాదం ఉంది. మనిషి బలాన్ని తగ్గించలేరు కాబట్టి ఈటెనే మార్చారు.

మార్పు చిన్నదే. పురుషుల జావెలిన్ బరువు 800 గ్రాములు, పొడవు 2.6 నుంచి 2.7 మీటర్లు. ఈ రెండింటినీ అలాగే ఉంచి, గరిమనాభిని మాత్రం 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. ఈటెను ఒక వేలి మీద అడ్డంగా నిలబెట్టి చూడండి. ఎక్కడ అటూఇటూ ఒరగకుండా ఆగుతుందో అదే గరిమనాభి. దారం చుట్టిన పట్టు సరిగ్గా అక్కడే ఉంటుంది. అయితే ఎగిరే ఈటె మీద గాలి తోపు మొత్తం కలిసి పనిచేసే చోటు మరొకటి ఉంది. పాత ఈటెలో ఈ రెండు చోట్లూ బాగా దగ్గరగా ఉండేవి. 1950లలో అమెరికాలో హెల్డ్ సోదరులు దాన్ని గాలిలో తేలేలా తీర్చారు. వారిలో ఒకరైన బడ్ హెల్డ్ 1953లో 80.41 మీటర్లు విసిరి, 80 దాటిన మొదటివాడయ్యాడు. అలాంటి ఈటె ముక్కు దించకుండా చాలా దూరం తేలిపోయేది. కానీ దిగేటప్పుడు బల్లపరుపుగా పడేది. మొన ముందు తాకిందా, తోక ముందు తాకిందా అని న్యాయనిర్ణేతలు తేల్చుకోలేక గొడవలయ్యేవి.

1986లో వచ్చిన కొత్త ఈటెలో గరిమనాభి ముందుకు జరగడంతో గాలి తోపు దాని వెనక పడింది. గాలి తోకను పైకి నెడుతుంది, ముక్కు కిందికి వంగుతుంది. మొన గుచ్చుకునేలా దిగడం ఖాయమైంది, దూరమూ తగ్గింది. ఆ ఏడాది సెప్టెంబరులో క్లాస్ టాఫెల్‌మైయర్ విసిరిన 85.74 మీటర్లే ప్రపంచ రికార్డు. తయారీదారులు ఊరుకోలేదు. తోక ఉపరితలాన్ని గరుకుగా చేసి, పోయిన తేలికదనాన్ని కొంత వెనక్కి తెచ్చారు. అలాంటి ఈటెతో ఫిన్లాండ్‌కు చెందిన సెపో రాటి 1991లో 96.96 విసిరాడు. అదే ఏడాది గరుకు తోకలను నిషేధించి ఆ రికార్డులను కొట్టేశారు. ఇప్పటి రికార్డు 98.48 మీటర్లు. 1996లో జర్మనీలోని యెనాలో యాన్ జెలెజ్నీ విసిరినది.

ఈ చరిత్ర తెలిస్తేనే కోణం, గాలి, పరుగు అనే మూడింటి లెక్క అర్థమవుతుంది. ఈటెను తేల్చే నేర్పుకు పాత రోజుల్లో దక్కినంత ఫలం ఇప్పుడు దక్కదు. చేతిని వదిలే క్షణంలో ఈటెకు ఎంత వేగం ఉందన్నదే దూరాన్ని ఎక్కువగా తేలుస్తుంది.

2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్ చోప్రా 87.58 మీటర్లతో స్వర్ణం గెలిచిన కొద్ది వారాలకే, సెప్టెంబరులో, హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. అంతటి ట్రాక్ లేని చోట, జనగామ జిల్లా తరిగొప్పుల మైదానంలో విసిరే ఒక కుర్రాణ్ని ఊహించుకుందాం. అండర్-18 అబ్బాయిలకిచ్చే 700 గ్రాముల ఈటె అతనిది. వదిలే ఎత్తు 1.8 మీటర్లు, వేగం సెకనుకు 22 మీటర్లు, కోణం 35 డిగ్రీలు అనుకుందాం. గాలిని పక్కన పెట్టి లెక్కిస్తే ఈటె సుమారు 49 మీటర్లు పోతుంది.

పుస్తకంలో 45 డిగ్రీలు మేలని ఉంటుంది. కుర్రాడు అది చదివి కోణాన్ని 43కు పెంచాడనుకోండి. వేగం మారకపోతే 51 మీటర్లు రావాలి. కానీ మారకుండా ఉండదు. చేతిని మరీ పైకి ఎత్తి తోస్తే భుజం, నడుము బలం పూర్తిగా అందవు, పరుగులోని ముందుకు పోయే ఊపు కూడా కలవదు. వేగం 22 నుంచి 21కి పడిపోతే చాలు, దూరం 47 మీటర్లకు దిగిపోతుంది. ఉన్న 49 కూడా పోయింది. అదే 35 డిగ్రీల దగ్గరే ఉండి, వేగాన్ని 23కు పెంచుకుంటే 53 మీటర్లు. ప్రపంచ స్థాయి విసురుళ్లు 32 నుంచి 36 డిగ్రీల చుట్టూ ఉండటానికి కారణం ఇదే. సాధన సమయాన్ని కోణం పెంచడం మీద కాకుండా వేగం మీద పెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

ఆ వేగం పరుగులోంచి వస్తుంది, కానీ నేరుగా కాదు. మేటి క్రీడాకారులు సెకనుకు 6, 7 మీటర్ల వేగంతో పరిగెత్తి, చివర్లో కాళ్లు ఒకదాని ముందు ఒకటి దాటిస్తూ అడుగులు వేస్తారు. ఈటె మాత్రం సెకనుకు 28, 30 మీటర్లతో చేతిని వదులుతుంది. ఆ తేడా అంతా ఆఖరి అడుగులో పుడుతుంది. ముందు కాలు నిటారుగా నేలను గుద్ది ఒళ్లును ఆపేస్తుంది. బస్సు డ్రైవరు బ్రేకు తొక్కితే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు, కాలు ఆగగానే నడుము, భుజం, మోచేయి ఒకదాని తర్వాత ఒకటి ముందుకు విసురుగా పోతాయి.

చెడేది కూడా అక్కడే. మోకాలు వంగితే ఊపంతా ఆ వంపులోనే ఇంకిపోతుంది. పరుగు మరీ ఎక్కువైతే కాలు ఆపలేక మనిషి గీత దాటి ఫౌల్ అవుతాడు. తెలుసుకోవడం కష్టం కాదు. నిలబడి ఎంత దూరం విసరగలడో, పరుగుతో ఎంత విసరగలడో వేర్వేరుగా కొలవండి. రెండింటికీ పెద్ద తేడా లేకపోతే పరుగు చేతికి చేరడం లేదు. అప్పుడు పరుగు వేగాన్ని తగ్గించి, ముందు కాలు నిలవడం నేర్పాలి. కాలు నిలిచేకొద్దీ పరుగును మళ్లీ పెంచుకోవచ్చు.

ఇక గాలి. వందమీటర్ల పరుగులోనూ, లాంగ్ జంప్‌లోనూ వెనక గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు. జావెలిన్‌కు అలాంటి హద్దే లేదు. మన కుర్రాడి ఈటె 35 డిగ్రీల కోణంలో, మొన కూడా సరిగ్గా అదే దిక్కు చూస్తూ బయలుదేరిందనుకుందాం. ఎదురు గాలి సెకనుకు 3 మీటర్లు. ఇప్పుడు ఈటెకు గాలి 31 డిగ్రీల దిక్కు నుంచి తగులుతున్నట్టు ఉంటుంది. అంటే మొన గాలికి 4 డిగ్రీలు పైకి లేచి ఉంది, గాలి ఈటె అడుగు భాగాన్ని తాకుతుంది. దాని తాకిడి కూడా దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. కొంచెం లేస్తే తేలికదనం వస్తుంది. మొన ఇంకా ఎత్తి ఉంటే ఈటె గాలికి అడ్డం తిరిగి, ముందుకు పోకుండా ఆగిపోయి కింద పడుతుంది. అందుకే ఎదురు గాలిలో మొన కాస్త దించి విసరాలి.

అంతే గాలి వెనక నుంచి వస్తే ఈటెకు అది 40 డిగ్రీల దిక్కు నుంచి తగిలినట్టు ఉంటుంది. ఈసారి గాలి పైభాగాన్ని తాకి ఈటెను కిందికి నొక్కుతుంది. కాబట్టి వెనక గాలిలో మొనను, కోణాన్ని కాస్త పైకి తీసుకోవచ్చు. పక్కగాలిలో మొన ఒక వైపు తిరిగి, ఈటె సెక్టారు గీత బయట పడే ప్రమాదం ఎక్కువ.

ఈటె అడుగు భాగం విసిరినవాడి కంటికి ఎక్కువగా కనబడిందంటే మొన మరీ లేచిందని అర్థం. ఫోన్‌ను పక్క నుంచి, స్లో మోషన్‌లో పెట్టి వీడియో తీస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఈటె పోయే దిక్కుకూ మొన చూసే దిక్కుకూ మధ్య తేడాను తెర మీదే గమనించవచ్చు.

మన ప్రాంతంలో జులైలో గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది. చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. రన్‌వే పడమటి ముఖంగా ఉన్న మైదానంలో ఒకే కుర్రాడికి జులైలో ఎదురు గాలి, డిసెంబరులో వెనక గాలి తగులుతాయి. వ్యాయామ ఉపాధ్యాయులు భుజమెత్తు కర్రకు ఒక గుడ్డపీలిక కట్టి, దూరాలు రాసే పుస్తకంలో ప్రతి విసురు పక్కనా గాలి దిక్కు కూడా రాయించాలి. అది లేకుండా ఆ రెండు నెలల దూరాలను పోల్చి, పిల్లవాడు ముందుకు పోయాడో వెనక్కి పోయాడో చెప్పలేం.