బీఎంఐ గురించి తరగతిలో ఎలా మాట్లాడాలి?

ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో పరుగు, పుషప్‌లతో పాటు పిల్లల ఎత్తు, బరువు కూడా కొలుస్తారు. ఆ రెండింటి నుంచి వచ్చే అంకే బీఎంఐ, అంటే శరీర ద్రవ్యరాశి సూచిక. పరుగులో వెనకబడితే నవ్వేసి ఊరుకునే పిల్లలు కూడా బరువు యంత్రం దగ్గర బిక్కమొహం వేస్తారు. ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో ముందు మనకు తెలిస్తే, ఎవరి మనసూ నొప్పించకుండా దాని గురించి మాట్లాడవచ్చు.

లెక్క సులభం. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగించాలి. 19వ శతాబ్దంలో బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెటెలె ఈ నిష్పత్తిని గమనించాడు. ఆయన చూసింది జనసమూహాల సగటును. ఒక్కొక్కరి ఆరోగ్యాన్ని తేల్చడం ఆయన ఉద్దేశం కాదు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. పదేళ్ల బాబు ఎత్తు 1.38 మీటర్లు, బరువు 31 కిలోలు. ఎత్తు వర్గం 1.90. భాగిస్తే బీఎంఐ 16.3 వస్తుంది. గోడమీది పెద్దల పట్టికలో 18.5 కంటే తక్కువైతే 'బరువు తక్కువ' అని ఉంటుంది. దాన్ని చూసి "నువ్వు బలహీనంగా ఉన్నావు" అంటే అది పూర్తిగా తప్పు. పదేళ్ల అబ్బాయికి 16.3 మామూలు అంకె. పిల్లల బీఎంఐ వయసుతో పాటు మారుతుంది, అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేరుగా ఉంటుంది. అందుకే 5 నుంచి 18 ఏళ్ల మన పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో విడిగా పట్టికలు ఇచ్చింది. చూడవలసినవి అవే.

కొలతలో పొరపాటు కూడా అంకెను మారుస్తుంది. అదే బాబు రెండు సెంటీమీటర్ల మడమ ఉన్న బూట్లతో నిలబడితే బీఎంఐ 15.8కి పడిపోతుంది. బూట్లు, స్వెటర్ తీయించి, మడమలు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి కొలవాలి.

ఇక శరీర కూర్పు. మన బరువులో ఎముక, కండ, కొవ్వు, నీరు అన్నీ ఉంటాయి. ఏది ఎంతో బీఎంఐ చెప్పలేదు. రోజూ కబడ్డీ ఆడే అబ్బాయికీ, ఆటలాడని అబ్బాయికీ ఒకే బీఎంఐ రావచ్చు. మొదటివాడిలో కండ ఎక్కువ ఉండవచ్చు. యుక్తవయసులో అమ్మాయిల శరీరంలో కొవ్వు పెరగడం సహజమైన ఎదుగుదల. కొందరు ముందు ఒళ్లు చేసి, తర్వాత ఒక్కసారిగా పొడవవుతారు. ఈ సంగతి ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ముందే చెబితే, తమ శరీరంలో ఏదో లోపం ఉందనే భయం చాలావరకు తగ్గుతుంది.

కొలిచేటప్పుడు ఒక తెర చాటున ఒక్కొక్కరినే పిలవాలి. అంకెను పైకి చదవకూడదు, తోటి విద్యార్థి చేత రాయించకూడదు, జాబితాను నోటీసు బోర్డు మీద పెట్టకూడదు. గణితం పీరియడులో ఈ లెక్క నేర్పాలంటే పైన చెప్పినలాంటి ఊహా అంకెలు చాలు; పిల్లల సొంత బరువులు అక్కర్లేదు.

మాటల దగ్గరా జాగ్రత్త కావాలి. బదిలీల మీద ఏ రాష్ట్రానికి వెళ్లినా, ఏ భాషలోనైనా, ఇలాంటి పేర్లు వినిపించాయి. తెలుగులో గుమ్మడికాయ, అగ్గిపుల్ల. హిందీలో మోటూ, సూఖా. ముద్దుపేరులా మొదలైనది ఏళ్ల తరబడి అతుక్కుపోతుంది. సన్నగా ఉన్నవాళ్లను "గాలికి ఎగిరిపోతావు" అనడమూ వెక్కిరింతే. "నువ్వు లావు" అనేది మనిషి మీద ముద్ర. "పోయినేడాది కంటే ఆరు సెంటీమీటర్లు పెరిగావు, బరువూ దానికి తగ్గట్టే పెరిగింది" అనేది సమాచారం. ఎవరైనా నవ్వితే "ఇది వాళ్ల సొంత విషయం" అని అక్కడికక్కడే చెప్పి, పని కొనసాగించాలి.

ఒక్కసారి వచ్చిన అంకెతో ఏదీ తేలదు. వరుస కొలతల్లో గీత బాగా పైకో కిందికో జరిగినా, బరువు హఠాత్తుగా తగ్గినా, పిల్లలు టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్తున్నా, త్వరగా అలసిపోతున్నా తల్లిదండ్రులతో విడిగా మాట్లాడి డాక్టరుకు చూపించమనాలి. "అన్నం తగ్గించు" అని మనమే పిల్లలకు చెప్పకూడదు. ఎదిగే వయసులో సొంతంగా తిండి మానేస్తే ఎత్తు, ఎముకల బలం రెండూ దెబ్బతింటాయి. పట్టికలోని గీత ఏం చెబుతోందో డాక్టరు పరీక్షించి తేలుస్తారు. అంతవరకూ ఆ అంకె ఆ విద్యార్థికీ, ఇంటివాళ్లకూ, కొలిచిన ఉపాధ్యాయుడికీ మధ్యే ఉండాలి.