గోడ ఎత్తు మారితే చెయ్యి ఎక్కడ పడాలి?

పబ్జీ ఆడిన వాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. వెనక నుంచి తూటాలు వస్తుంటాయి, ఎదురుగా ఛాతీ ఎత్తు గోడ. బటన్ నొక్కగానే మన మనిషి రెండు చేతులూ గోడ మీద ఆనించి, ఒంటిని పైకి లాక్కుని, అవతలికి దూకేస్తాడు. కంప్యూటర్‌లో ఆడే పబ్జీకి ఈ సదుపాయం 2017 డిసెంబరులో, ఆట పూర్తిస్థాయిలో విడుదలైనప్పుడు వచ్చింది. ఆడేవాడికి అది ఒక్క సెకను పని. గోడ ఎత్తు మారినా చెయ్యి సరిగ్గా అంచు మీదే పడేలా చూడటం మాత్రం గేమ్ యానిమేషన్‌లో చాలాకాలంగా ఉన్న చిక్కు.

ఎక్కే యానిమేషన్‌ని ఒకే ఎత్తుకు తయారు చేస్తారు. ఒంటికి సెన్సర్లు కట్టుకున్న నటుడు స్టూడియోలో ఒక మీటరు ఎత్తు పెట్టె ఎక్కుతాడు, ఆ కదలికను రికార్డు చేస్తారు. లేదా యానిమేటర్ కూర్చుని ఆ ఎత్తుకే చేత్తో చేస్తాడు. కానీ ఆటలో గోడలన్నీ ఒక మీటరే ఉండవు. ఒకచోట పిట్టగోడ 85 సెంటీమీటర్లుంటుంది, పక్కనే కంటైనర్ 130 ఉంటుంది. రికార్డు చేసిన కదలికను ఉన్నదున్నట్టు ఆడిస్తే 85 గోడ దగ్గర చేతులు గాల్లో ఆనతాయి, 130 గోడ దగ్గర ఇటుకల్లోకి దూరిపోతాయి.

పాత ఆటలు ఈ చిక్కును మొదట్లోనే తప్పించుకున్నాయి. 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా కోసం జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరిగెత్తడం, దూకడం వీడియో తీసి, ఆ బొమ్మల మీదే రాకుమారుణ్ణి గీశాడు. అంత సహజంగా కదిలే బొమ్మ అప్పట్లో అరుదు. అయితే ఆ కోటలో అంతస్తులన్నీ ఒకే ఎత్తు, కాబట్టి చెయ్యి ఎప్పుడూ అంచు మీదే పడేది. 1996 నాటి టూమ్ రైడర్ లోకం కూడా కొలత ప్రకారం పేర్చిన దిమ్మలతో కట్టిందే. అంటే యానిమేషన్‌కి తగ్గట్టు గోడలు కట్టారు. ఇప్పుడు పని తిరగబడింది. గోడ ఎలా ఉంటే యానిమేషన్ అలా సర్దుకోవాలి. అలా సర్దే పద్ధతుల్లో ఒకటి మోషన్ వార్పింగ్. అన్‌రియల్ ఇంజిన్ 5లో ఇది ప్లగిన్‌గా దొరుకుతుంది కాబట్టి దాన్నే తీసుకుని చూద్దాం.

ముందు రూట్ అంటే ఏమిటో తెలియాలి. క్యారెక్టర్ అస్థిపంజరంలో పాదాల మధ్య, నేల మీద ఉండే ఒక బిందువు అది. మనిషి లోకంలో ఎక్కడున్నాడో చెప్పేది ఆ బిందువే. చేతులు, నడుము, తల అన్నీ దాన్ని బట్టే ఉంటాయి. మోషన్ వార్పింగ్ చేతిని పట్టుకుని లాగదు, ఈ రూట్ నడిచే దారిని వంచుతుంది. మనం ఒక లక్ష్యం చెబితే, ఫలానా ఫ్రేములో రూట్ అక్కడికి చేరేలా మధ్య ఫ్రేముల కదలికను పెంచుతుంది లేదా తగ్గిస్తుంది.

లెక్క వేసి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మన యానిమేషన్ 100 సెంటీమీటర్ల గోడకి చేసిందనుకుందాం. సెకనుకి 30 ఫ్రేముల చొప్పున మొత్తం 45 ఫ్రేములు, అంటే ఒకటిన్నర సెకన్లు. మొదటి 6 ఫ్రేముల్లో మనిషి మోకాళ్లు వంచి ఊపు తీసుకుంటాడు. 6 నుంచి 12 దాకా నేల వదిలి లేస్తాడు. 12వ ఫ్రేములో అరచేతులు అంచుకు తాకుతాయి. అక్కడి నుంచి చేతుల మీద బరువు వేసి ఒంటిని ఎత్తి, మోకాలు పైకి తెచ్చి, 45వ ఫ్రేముకి నిలబడతాడు. చేతులు తాకే క్షణానికి రూట్ నేల నుంచి 20 సెంటీమీటర్లు లేచి ఉంది. అరచేతులు 100 ఎత్తులో ఉన్నాయి. అంటే రూట్‌కీ అరచేతులకీ మధ్య 80 సెంటీమీటర్లు.

ఇప్పుడు ఎదురుగా 130 గోడ వచ్చింది. కొత్తగా పని మొదలుపెట్టిన వాళ్లు ఆ అదనపు 30 సెంటీమీటర్లని మొత్తం 45 ఫ్రేములకీ పంచేస్తారు. చివరికి పాదాలు గోడ పైనే నిలుస్తాయి కాబట్టి పని అయిపోయినట్టే కనిపిస్తుంది. మధ్యలో ఆపి చూస్తే లోపం బయటపడుతుంది. 12వ ఫ్రేముకి 30లో దక్కింది 8 సెంటీమీటర్లే. అరచేతులు 108 ఎత్తులో, అంటే అంచుకి 22 సెంటీమీటర్లు కింద, గోడ లోపల ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కో ఫ్రేముకీ కాస్త కాస్త పైకి పాకుతూ పోతాయి. బరువంతా మోస్తున్న చెయ్యి అలా జారుతుంటే చూసేవాడికి ఎక్కుతున్నట్టు అనిపించదు.

చెయ్యి ఆనిన తర్వాత కదలకూడదు. కాబట్టి తేడా మొత్తం చెయ్యి పడేలోపే సర్దేయాలి. పాదాలు నేల మీదున్నప్పుడు సర్దితే మనిషి నిలబడే గాల్లోకి తేలతాడు కనుక, మొదటి 6 ఫ్రేములు కూడా ముట్టుకోకూడదు. ఇక మిగిలింది 6 నుంచి 12 వరకు, సెకనులో ఐదో వంతు మాత్రమే. దర్జీ రవికెలో తర్వాత విప్పుకోవడానికి లోపల మడత ఎక్కడ ఉంచాలో చూసుకున్నట్టు, సాగదీయడానికి యానిమేషన్‌లో ఉన్న చోటు అదొక్కటే. ఆ ఆరు ఫ్రేముల్లో రూట్ 20 బదులు 50 సెంటీమీటర్లు లేస్తే 12వ ఫ్రేములో అరచేతులు సరిగ్గా 130 దగ్గర ఉంటాయి. అక్కడి నుంచి యానిమేషన్‌ని అస్సలు మార్చక్కర్లేదు. రూట్ మామూలుగా ఎక్కాల్సిన 80 ఎక్కుతుంది, పాదాలు 130 మీద నిలుస్తాయి.

ఇదే లెక్క ఈ పద్ధతికి హద్దులు కూడా చెబుతుంది. 70 సెంటీమీటర్ల గట్టు ముందు ఇదే యానిమేషన్ వాడితే, చేతులు తాకే సమయానికి రూట్ నేలకి 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. అంటే పాదాలు భూమిలోకి దిగబడతాయి. పైవైపు హద్దుని వేగం చెబుతుంది. 130 గోడకి మనిషి సెకనులో ఐదో వంతులో 50 సెంటీమీటర్లు లేస్తున్నాడు, అంటే సెకనుకి రెండున్నర మీటర్లు. నిలబడి బలంగా ఎగిరే మనిషి నేల వదిలేటప్పుడు ఉండే వేగం మూడు మీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి కన్ను ఒప్పుకుంటుంది. అదే 200 గోడకైతే 120 సెంటీమీటర్లు లేవాలి, సెకనుకి ఆరు మీటర్లు. అప్పుడు సినిమా ఫైట్లో తాడు కట్టి లాగినట్టుంటుంది. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని సరిచేయలేదు. అంత ఎత్తుకి వేరే యానిమేషన్ కావాలి. అందులో మనిషి ఎగిరి అంచు పట్టుకుని వేలాడి, ఆపైన ఒంటిని లాక్కోవాలి.

ఇక అంచు ఎక్కడుందో ఆట ఎలా కనుక్కుంటుంది? ముందు ఎదుటికి ఒక కనబడని గీతను పంపుతుంది. అది గోడకి తగిలిన చోటు, గోడ ముఖం ఎటు తిరిగి ఉందో తెలుస్తాయి. తర్వాత ఆ ముఖానికి కొద్దిగా లోపలగా, చాలా పై నుంచి కిందికి ఇంకో గీత పంపుతుంది. అది తగిలిన ఎత్తే గోడ ఎత్తు. పైన మనిషి నిలబడే చోటుందో లేదో కూడా చూడాలి, లేకపోతే బాల్కనీ కప్పుకి తల గుచ్చుకుంటుంది. మన ఉదాహరణలో అంచు పట్టుకునే క్షణాన రూట్ గోడకి 35 సెంటీమీటర్లు ఇవతల ఉంటుందనుకుంటే, లక్ష్యాన్ని ఇంజిన్‌కి ఇలా ఇస్తారు:

```cpp
FVector RootAtGrab = LedgePoint
    + WallNormal * 35.f - FVector(0, 0, 80);
MotionWarping->AddOrUpdateWarpTargetFromLocationAndRotation(
    TEXT("Ledge"), RootAtGrab, (-WallNormal).Rotation());
```

లక్ష్యంగా ఇచ్చింది అంచుని కాదు, అంచుకి 80 కింద రూట్ ఉండాల్సిన చోటుని. అంచునే ఇస్తే 12వ ఫ్రేముకే పాదాలు గోడ పైకి చేరి, చేతులు నడుము దగ్గర గాల్లో ఆడతాయి. రూట్ బదులు ఏదైనా ఎముకను గురి బిందువుగా చెప్పే వీలు కూడా ప్లగిన్‌లో ఉంది. యానిమేషన్ కాలరేఖ మీద 6 నుంచి 12 దాకా మోషన్ వార్పింగ్ పట్టీ పరిచి, దానికీ `Ledge` అనే పేరే ఇవ్వాలి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఇంజిన్ గొడవ చేయదు, వార్పింగ్ చేయకుండా ఊరుకుంటుంది.

పని చేయనప్పుడు, లోపం కనబడే తీరే కారణాన్ని చెబుతుంది. ఏ గోడ దగ్గరైనా చేతులు 100 ఎత్తులోనే పడుతుంటే పేరు కలవలేదని అనుమానించాలి. గోడకి దూరం సరిపోయి ఎత్తు ఒక్కటే సరిపోకపోతే `bIgnoreZAxis` చూడాలి. నిలువు దిశను వదిలేయమనే ఆ సెట్టింగ్ మొదట్లోనే ఆన్‌లో ఉంటుంది. ఎక్కే పనికి దాన్ని తీసేయాలి. మనిషి ఎక్కుతున్నట్టు చేతులు కాళ్లు ఆడిస్తూ నేల మీదే ఉండిపోతే, అతను ఇంకా నడక స్థితిలో ఉన్నాడన్నమాట. ఆ స్థితిలో యానిమేషన్ ఇచ్చే నిలువు కదలికను ఇంజిన్ పట్టించుకోదు. ఎక్కేంతసేపూ `MOVE_Flying`కి మార్చి, అయ్యాక వెనక్కి తేవాలి. `a.MotionWarping.Debug 2` అని టైపు చేస్తే లక్ష్యం ఎక్కడ పడిందో తెర మీద గీసి చూపిస్తుంది. చాలా తప్పులు అక్కడే దొరికిపోతాయి.

అన్నీ కుదిరినా ఒకటి మిగులుతుంది. వార్పింగ్ కదిపేది మొత్తం ఒంటిని. గోడ పైభాగం ఏటవాలుగా ఉంటే కుడి అరచెయ్యి ఆనుతుంది, ఎడమది నాలుగు సెంటీమీటర్లు పైన తేలుతుంది. ఈ చివరి కొద్దిపాటి తేడాకి ఐకే అనే పద్ధతి వాడతారు. అరచెయ్యి ఎక్కడుండాలో చెబితే మోచెయ్యి, భుజం ఎంత వంగాలో అది లెక్కగడుతుంది. చెయ్యి తాకడానికి రెండు మూడు ఫ్రేముల ముందు నుంచి మెల్లగా దాని ప్రభావం పెంచి, చెయ్యి లేచేటప్పుడు అలాగే తగ్గిస్తారు. నాలుగైదు సెంటీమీటర్లకి ఇది కంటికి తెలియదు. వార్పింగ్ మిగిల్చిన పాతిక సెంటీమీటర్లనీ దీని నెత్తిన వేస్తే మోచెయ్యి కర్రలా బిగుసుకుంటుంది, ఆ పైన అరచెయ్యి అంచుని అందుకోనే లేదు. ముందు వార్పింగ్ సరిచేసి, ఆపైనే ఐకే జోలికి వెళ్లడం మంచిది.

ఎపిక్ సంస్థ 2024 జూన్‌లో ఉచితంగా విడుదల చేసిన గేమ్ యానిమేషన్ శాంపిల్ ప్రాజెక్టులో 500కి పైగా యానిమేషన్లున్నాయి. గోడ మీదికెక్కి నిలబడటం, దాటి అవతల దిగడం, పరుగులోనే దూకేయడం అందులో వేర్వేరు. ఎత్తుని బట్టీ, మనిషి వేగాన్ని బట్టీ తగిన యానిమేషన్‌ని ముందు ఎంచుకుని, మిగిలిన తేడాని మాత్రమే వార్పింగ్‌కి వదులుతారు. గేమ్ యానిమేషన్ నేర్చుకుంటున్న మన పిల్లలు ఆ ప్రాజెక్టుని దించుకుని, ఎక్కే యానిమేషన్ ఒకటి తెరిచి, పట్టీ ఏ ఫ్రేములో మొదలై ఏ ఫ్రేములో ఆగిందో, ఆ ఫ్రేముల్లో పాదం, అరచెయ్యి ఎక్కడున్నాయో చూడండి. సొంతంగా చేసేటప్పుడు ఒకే యానిమేషన్‌ని అన్ని గోడలకీ సాగదీయకుండా, నడుము లోపు గట్టుకి ఒకటి, ఛాతీ ఎత్తు గోడకి ఒకటి, తల దాటిన గోడకి ఒకటి చేసుకోండి.