పక్క గడికే జరిగితే పది లక్షలు తెమలవు

42, 17, 35, 8, 23. ఈ ఐదు సంఖ్యల్నీ చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టమంటే మనం ఒక్క చూపులో పెట్టేస్తాం. కంప్యూటర్‌కు ఆ చూపు లేదు. ఒకసారికి రెండు సంఖ్యల్ని పోల్చి, ఏది పెద్దదో తేల్చుకుంటూ పోవాలి. ఆ పోలికలు ఏ క్రమంలో చేయాలో చెప్పే పద్ధతుల్లో విద్యార్థులు మొదట నేర్చుకునేవి బబుల్ సార్ట్, ఇన్సర్షన్ సార్ట్. కాగితం, పెన్సిలు తీసుకుంటే రెండూ ఐదు నిమిషాల్లో అర్థమవుతాయి.

బబుల్ సార్ట్‌లో ఎడమ నుంచి మొదలుపెట్టి పక్కపక్కనున్న రెండేసి సంఖ్యల్ని పోలుస్తాం. ఎడమది పెద్దదైతే రెండిటినీ తారుమారు చేస్తాం. 42 కంటే 17 చిన్నది, మార్చాం. తర్వాత 42ను 35తో, 8తో, 23తో పోల్చాం. ప్రతిసారీ 42 ఒక గడి కుడికి జరిగింది. మొదటి రౌండు ముగిసేసరికి అన్నిటికంటే పెద్దది చివరకు చేరింది. మిగతా రౌండ్లూ అలాగే సాగుతాయి:

```
మొదట:    42 17 35  8 23
రౌండు 1: 17 35  8 23 42
రౌండు 2: 17  8 23 35 42
రౌండు 3:  8 17 23 35 42
```

నాలుగో రౌండులో మార్చాల్సిందేమీ లేదు. అంటే వరస కుదిరినట్టే. రౌండు రౌండుకీ చివరి స్థానం ఒకటి ఖాయమవుతుంది కాబట్టి పోలికలు 4, 3, 2, 1 చొప్పున తగ్గాయి. మొత్తం 10 పోలికలు, 7 మార్పులు.

ఇన్సర్షన్ సార్ట్ మనం పేకముక్కలు సర్దుకునే తీరు. చేతిలో సర్దిన ముక్కలు ఉంటాయి, కొత్త ముక్క రాగానే దాని చోటు వెతికి దూరుస్తాం. ముందు 42 ఒక్కటే సర్దిన భాగం. 17 వచ్చింది, 42 ఒక గడి కుడికి జరిగి చోటిచ్చింది. 35 వచ్చినప్పుడూ 42 జరిగింది. 17 చిన్నది కాబట్టి 35 అక్కడే ఆగింది. 8 వచ్చేసరికి 42, 35, 17 మూడూ జరగాల్సి వచ్చింది. చివరగా 23 కోసం 42, 35 జరిగాయి. మొత్తం 9 పోలికలు, 7 జరుగుళ్లు.

రెండు పద్ధతుల్లోనూ 7 రావడం యాదృచ్ఛికం కాదు. మొదటి వరసలో పెద్ద సంఖ్య ముందు, చిన్న సంఖ్య వెనక ఉన్న జంటల్ని లెక్కపెట్టండి. 42 వెనక చిన్నవి నాలుగు, 17 వెనక 8 ఒక్కటి, 35 వెనక 8, 23. కలిపితే ఏడు తలకిందుల జంటలు. ఈ పద్ధతుల్లో ఒక సంఖ్య మరొకదాన్ని దాటి ఒక్క గడే జరుగుతుంది కాబట్టి, ఒక్కో అడుగు సరిగ్గా ఒక్క తలకిందుల జంటనే సరిచేస్తుంది. ఎన్ని జంటలుంటే అన్ని అడుగులు వేయక తప్పదు.

పెద్ద జాబితాల్లో ఇబ్బంది ఇక్కడే వస్తుంది. ఐదు సంఖ్యల్లో మొత్తం జంటలు పదే. లక్ష సంఖ్యల్లో దాదాపు 500 కోట్లు. కలగాపులగంగా ఉన్న జాబితాలో వాటిలో సగటున సగం తలకిందులుగా ఉంటాయి, అంటే 250 కోట్ల అడుగులు. సెకనుకు 100 కోట్ల అడుగులు వేసే యంత్రం ఉందనుకుంటే రెండున్నర సెకన్లు పడుతుంది. జాబితా పదింతలైతే పని నూరింతలవుతుంది. పది లక్షలకు నాలుగు నిమిషాలు దాటుతుంది, కోటి సంఖ్యలకు ఏడు గంటలు పడుతుంది. జాన్ వాన్ న్యూమన్ 1945లో రూపొందించిన మెర్జ్ సార్ట్ జాబితాను సగాలుగా విడగొట్టి, సర్దిన ముక్కల్ని కలుపుకుంటూ వస్తుంది. అందులో ఒక సంఖ్య ఒకే కదలికలో ఎన్నో గడులు దాటగలదు. అదే కోటి సంఖ్యలకు దానికి 24 కోట్ల లోపు పోలికలు చాలు.

అలాగని రెండు పద్ధతుల్నీ ఒకే గాటన కట్టకూడదు. దాదాపు సర్దే ఉన్న జాబితాలో తలకిందుల జంటలు కొద్దిగానే ఉంటాయి కాబట్టి ఇన్సర్షన్ సార్ట్ చకచకా ముగిస్తుంది. చిన్న జాబితాల్లోనూ అది చురుకైనదే. టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం రాసిన టిమ్‌సార్ట్ చిన్న ముక్కల్ని సర్దడానికి దీని మెరుగైన రూపాన్నే వాడుకుంది. బబుల్ సార్ట్ మాత్రం నేర్చుకోవడానికే తప్ప నిజమైన పనికి ఎంచుకోదగింది కాదు.

మీరూ ఐదు సంఖ్యలు రాసి, ముందు తలకిందుల జంటల్ని లెక్కపెట్టి, తర్వాత రెండు పద్ధతుల్లోనూ సర్ది చూడండి. మార్పుల లెక్క, జరుగుళ్ల లెక్క ఆ సంఖ్యతో సరిపోవాలి. సరిపోలేదంటే ఎక్కడో ఒక అడుగు తప్పిందన్నమాటే.