చార్జింగ్ ఎక్కుతుంది, ఫైళ్లు మాత్రం కనపడవు

మేనకోడలి ఓణీల ఫంక్షన్ వీడియోలతో మా అక్క ఫోన్ నిండిపోయింది. లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుందామని కేబుల్ పెడితే చార్జింగ్ ఎక్కుతోంది గానీ, లాప్‌టాప్‌లో ఫోన్ జాడే లేదు. బావగారి ఫోన్ నుంచి నాకు చేసి, "నా ఫోన్ పాడైందేమోరా" అంది.

"అక్కా, ఆ కేబుల్ ఎక్కడిది?" అని అడిగాను. పవర్ బ్యాంకుతో వచ్చిందట. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో కనీసం నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకి, రెండు సమాచారానికి. కొన్ని చౌక కేబుళ్లలో కరెంటు తీగలు మాత్రమే ఉంటాయి. పైకి చూస్తే తేడా తెలియదు. అసలు సంగతి ఫోనే చెబుతుంది. కేబుల్ పెట్టాక స్క్రీన్ పైనుంచి కిందికి లాగితే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో Charging this device via USB అనే వరస కనిపిస్తుంది. అది కనిపిస్తే ఫోనూ కంప్యూటరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టినట్టే. ఎంతకీ రాకపోతే ముందు కేబుల్‌నే అనుమానించాలి. అక్క ఫోన్ డబ్బాలో వచ్చిన కేబుల్ వెతికి పెట్టగానే ఆ వరస వచ్చింది.

అయినా ఫైళ్లు రాలేదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, కేబుల్ పెట్టగానే ఫోన్ చార్జింగ్ వరకే ఒప్పుకుంటుంది. ఎవరిదో కంప్యూటర్‌కి చార్జింగ్ కోసం పెట్టినా మన ఫొటోలు వాళ్ల చేతిలో పడకుండా ఈ కట్టడి. నాకైతే ఇది మంచి పనే అనిపిస్తుంది. కావలసినప్పుడు ఆ వరస మీద నొక్కి, మనమే అనుమతి ఇవ్వాలి.

అక్క ఫొటోల పని కదా అని PTP నొక్కింది. అందులో ఫోన్ తనను తాను కెమెరాలా చూపించుకుంటుంది. తను తీసినవి వచ్చాయి, చుట్టాలు వాట్సాప్‌లో పంపిన వీడియోలు రాలేదు. అవి వేరే ఫోల్డర్‌లో ఉంటాయి మరి. File transfer ఎంచుకున్నాక ఫోన్ పేరు మీద నొక్కితే ఖాళీ! ఈలోగా ఫోన్‌కి లాక్ పడింది. లాక్ తీసి, మళ్లీ File transfer ఎంచుకుంటే ఫోల్డర్లన్నీ వచ్చాయి.

ఈ పద్ధతిలో ఫోన్ పెన్ డ్రైవ్‌లా పనిచేయదు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు తమ మెమరీని మొత్తంగా కంప్యూటర్‌కి అప్పగించేవి. కేబుల్ తీసేదాకా ఫోన్‌లో గ్యాలరీ కూడా తెరుచుకునేది కాదు. ఇప్పుడు మెమరీ ఫోన్ చేతిలోనే ఉంటుంది. కంప్యూటర్ అడిగిన ఫైల్‌ని తనే తీసి ఇస్తుంది. అందుకే వేల ఫైళ్లున్న ఫోల్డర్ తెరిస్తే చాలాసేపు పడుతుంది. మధ్యలో కేబుల్ కదిలితే కాపీ ఆగిపోతుంది. వీడియోలను కొన్ని కొన్నిగా తీసుకుని, లాప్‌టాప్‌లో తెరిచి చూశాకే ఫోన్‌లో చెరపమన్నాను.

సాయంత్రానికి అన్నీ ఎక్కించింది. పనికొచ్చిన ఆ కేబుల్‌కి గుర్తుగా ఎర్రదారం కట్టుకుంది.