జాకెట్టు పట్టలేదని తిరిగొచ్చిన రోజు

శ్రావణం, మాఘం వచ్చాయంటే లేడీస్ టైలర్ దుకాణాల్లో జాకెట్టు కుట్టమని బట్ట తెచ్చేవాళ్లతో పాటు, కుట్టింది సరిగ్గా రాలేదని వెనక్కి తెచ్చేవాళ్లూ పెరుగుతారు. మిగతా రోజుల్లో అయితే "సరిచేసి ఉంచండి, రేపొస్తా" అని వెళ్లిపోయే మనిషే పెళ్లి ముందు రోజు గొంతు పెంచుతుంది. చీర మీద వచ్చిన బట్ట అదొక్కటే. పాడైతే మరో ముక్క దొరకదు. ఆమె కోపానికి కారణం అక్కడుంది.

అలా వచ్చినప్పుడు టైలర్ నోట తరచుగా వచ్చే మాట "మీరు కాస్త లావైనట్టున్నారు" అన్నది. అది నిజమైనా సరే అనకూడదు. పక్కన నలుగురు కూర్చుని ఉండగా ఆ మాట పడితే ఇక జాకెట్టు గొడవ పోయి మర్యాద గొడవ మొదలవుతుంది. తర్వాత ఎంత బాగా సరిచేసి ఇచ్చినా ఆమె ఇంటికెళ్లి చెప్పేది ఆ మాటే. "ఇవ్వండి మేడమ్, ముందు కొలిచి చూస్తాను" అని జాకెట్టు అందుకుని బల్ల మీద పరిచి టేపు తీయడం మేలు. తప్పు ఎవరిదో చెప్పేది నోరు కాదు, టేపు.

దేనితో పోల్చి కొలవాలన్నది ఆర్డరు తీసుకున్న రోజే తేలిపోయి ఉండాలి. చాలామంది ఒక పాత జాకెట్టు ఆదికి ఇచ్చి "ఇలాగే కుట్టండి" అని వెళ్లిపోతారు. అది ఎన్నేళ్ల కిందటిదో, ఆమెకిప్పుడు పడుతోందో లేదో ఎవరూ అడగరు. ఆది జాకెట్టు తీసుకున్నా ఒంటి కొలతలు కూడా తీసుకుని, రెండూ పుస్తకంలో రాసి, తేడా ఉంటే ఏది ఖాయం చేయాలో అప్పుడే అడగాలి. మెడ లోతు, చేతి పొడవు, డెలివరీ తేదీ, అడ్వాన్సు, ఆమె ఇచ్చిన బట్ట ఎంత, దాని మీద ముందే మరక గానీ పోగు లాగిన గుర్తు గానీ ఉందా అన్నవి చీటీ మీద రాసి ఒక ప్రతి ఆమె చేతికివ్వాలి. ఆ చీటీని ఫోన్‌లో ఫోటో తీసి పంపితే ఇంకా నయం. ఈ రాత ఉంటే తర్వాత వాదన ఉండదు.

ఒక సందర్భం తీసుకుందాం. మగ్గం వర్క్‌కు 5,500 రూపాయలు, కుట్టుకూలి 900. పెళ్లి ఎల్లుండి. ఛాతీ దగ్గర హుక్కులు పట్టడం లేదని జాకెట్టు వెనక్కొచ్చింది. పుస్తకంలో 36 అని ఉంది. పరిచి కొలిస్తే 34 వచ్చింది. ఇక మాటలు అక్కర్లేదు, తప్పు దుకాణానిది. లోపలికి తిప్పి చూస్తే పక్క కుట్టు దగ్గర అంగుళం మార్జిన్ ఉంది. రెండు పక్కలా అర అంగుళం చొప్పున విప్పి కుడితే ముందు భాగంలో, వెనక భాగంలో కలిపి మొత్తం రెండు అంగుళాలు వదులవుతుంది. అంటే ఇది సరిపోయే తప్పు. అయితే పట్టు మీద పాత కుట్టు సూది రంధ్రాలు సన్నగా కనిపించవచ్చు. ఆ సంగతి విప్పకముందే ఆమెకు చూపించి చెప్పాలి. విప్పాక చెబితే అది రెండో తప్పవుతుంది.

ఈ కేసులో నేనైతే జాకెట్టు ఆ సాయంత్రానికే సరిచేసి, కుట్టుకూలి 900 అడగకుండానే తిరిగి ఇచ్చేస్తాను. మగ్గం డబ్బు మాత్రం ఇవ్వను. ఆ పని బాగానే ఉంది, ఆమె పెళ్లిలో వేసుకుంటుంది. అదే మెడ ఎనిమిది అంగుళాలు రాసుకుని తొమ్మిదిన్నర కోసి ఉంటే లెక్క మారుతుంది. కోసేసిన బట్ట తిరిగి రాదు. అతుకు ఆమెకు నచ్చకపోతే కుట్టుకూలి, మగ్గం డబ్బు, బట్ట ఖరీదు మూడూ దుకాణమే భరించాలి. బాధగా ఉంటుంది, కానీ అందులో సగం ఇస్తానని బేరమాడితే ఆ సగమూ పోతుంది, పేరూ పోతుంది.

కొన్నిసార్లు తప్పు ఎవరిదో వెంటనే తేలదు. ఒకసారి ఉతికాక బిగుతైందని తెస్తే పైబట్టనూ లైనింగునూ విడివిడిగా పట్టి చూడాలి. పైబట్ట ముడతలు పడి, లోపల లైనింగు లాగేసినట్టుంటే కుంచించుకుపోయింది లైనింగే. కాటన్ లైనింగు నీళ్లలో తడిపి ఆరేయకుండా కుట్టేస్తే ఇలా అవుతుంది. అది దుకాణం వేయాల్సిన లెక్కే, ఉతికినందుకు ఆమెను అనడానికి లేదు.

ఫంక్షన్‌కు వేసుకుని, ఆ తర్వాత "అసలు బాగోలేదు, చీర డబ్బులతో సహా ఇవ్వండి" అనేవాళ్లూ అప్పుడప్పుడు వస్తారు. చంకల దగ్గర చెమట మరక, భుజం మీద పిన్నీసు రంధ్రాలు కనిపిస్తే అది వేసుకున్న జాకెట్టే. అయినా దొంగను పట్టినట్టు అడగొద్దు. "కొలతలు చీటీలో ఉన్నట్టే వచ్చాయండి. ఎక్కడ ఇబ్బందిగా ఉందో చెబితే కూలి లేకుండా సరిచేస్తాను, డబ్బు మాత్రం ఇవ్వలేను" అని ఒకే మాట మీద నిలబడితే చాలు. అరిచారని ఇచ్చేసి, నెమ్మదిగా అడిగినవాళ్లకు ఇవ్వకపోవడం అన్నిటికంటే పెద్ద అన్యాయం. ఆ కబురు వీధిలో త్వరగానే పాకుతుంది.

బిల్లు మీద "డబ్బు వాపసు ఇవ్వబడదు" అని అచ్చు వేయించుకుంటే బయటపడ్డట్టే అనుకునే వ్యాపారులున్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అలా చెప్పదు. సేవలో లోపం ఉన్నా బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని అది అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. కస్టమర్ 1915కు ఫోన్ చేయవచ్చు, రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ అయిదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. కొలతల పుస్తకం, చీటీ, సరిచేస్తామని పంపిన మెసేజ్ ఉన్న దుకాణానికి అక్కడ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

గూగుల్‌లో ఒక్క స్టార్ పెట్టి "బట్ట పాడుచేశారు" అని రాస్తే మనసు చివుక్కుమంటుంది. చెడ్డగా రాశారన్న ఒక్క కారణంతో గూగుల్ దాన్ని తీసేయదు. తీసేస్తే డబ్బిస్తామనడం దాని నిబంధనలకే విరుద్ధం. జవాబు రాయడమే దారి, అదీ కోపం చల్లారాక. "మీ జాకెట్టు ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి. పక్క కుట్టు సరిచేసి, కుట్టుకూలి వాపసు ఇస్తామని చెప్పాం. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాం, ఒకసారి తీసుకురండి" అంటే సరిపోతుంది. ఆమె కొలతలు, పేరు, ఫోన్ నంబరు, ఎవరి పెళ్లన్నది అందులో రాయకూడదు. తాను చెప్పిందే నిజమని నిరూపించుకోవడానికి ఒక ఆడమనిషి ఒంటి కొలతలు పదిమందిలో పెట్టిన దుకాణానికి మళ్లీ ఎవరూ కొలతలివ్వరు. ఆ జవాబు చదివేది ఆమె ఒక్కతే కాదు, రేపు పట్టుబట్ట సంచిలో పెట్టుకుని ఏ దుకాణానికి వెళ్లాలా అని వెతికే మరో మనిషి కూడా.

ఎంత చేసినా ప్రతిసారీ గొడవపడే కస్టమర్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల తర్వాతి ఆర్డరు వద్దనుకుంటే బట్ట అందుకోకముందే చెప్పాలి. "ఈ సీజన్లో మీకు కావాల్సినట్టు చేయలేమండి" అనాలి. అడ్వాన్సు తీసుకుని, బట్ట కోసి, ముహూర్తానికి రెండు రోజుల ముందు చేతులెత్తేస్తే ఆ గొడవలో తప్పు మళ్లీ దుకాణానిదే అవుతుంది.