పిల్లాడి చేతికి కీబోర్డు దొరికేది ఏడాదికి 4 గంటలే

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు కంప్యూటర్ పాఠాల ప్రణాళిక రాసేవాళ్లు సాధారణంగా అంశాలతో మొదలుపెడతారు: టైపింగ్, సురక్షిత బ్రౌజింగ్, స్లయిడ్ల తయారీ. నేను మాత్రం ముందు గంటలు లెక్కపెట్టమంటాను. అంశాలకు ఎంత చోటుందో ఆ లెక్కే చెబుతుంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలి. వారానికి ఆరు రోజుల బడి అనుకుంటే సుమారు 36 వారాలు. పరీక్షలు, పండగలు, కరెంటు లేని రోజులు తీసేస్తే వారానికో పీరియడ్ చొప్పున 30 మిగులుతాయనుకుందాం. పీరియడ్ 40 నిమిషాలు. పిల్లలు వచ్చి కూర్చుని, కంప్యూటర్లు ఆన్ అయి, చివర్లో మూసేసరికి 8 నిమిషాలు పోతాయి. మిగిలేది 32 నిమిషాలు. తరగతిలో 40 మంది, పనిచేసే కంప్యూటర్లు 10. అంటే ఒక్కొక్కరికి పీరియడ్‌కు 8 నిమిషాలు. ముప్ఫై పీరియడ్లకు 240 నిమిషాలు, సరిగ్గా 4 గంటలు.

అయితే ఆ పీరియడ్‌లోనే ఒక్కో పిల్లాడికి కంప్యూటర్ ముందు లేని సమయం 24 నిమిషాలుంది. ఏడాది మొత్తంలో అది 12 గంటలు. చాలా బడుల్లో ఈ సమయమంతా ముందు కూర్చున్నవాడి భుజం మీదుగా తొంగిచూడటంలోనే పోతుంది. ప్రణాళిక గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. కంప్యూటర్ తప్పనిసరైన పని ఆ 8 నిమిషాల్లో, కాగితం మీద చేయగలిగినది 24 నిమిషాల్లో జరగాలి. ఈ లెక్కన ఆరో తరగతికి నేను టైపింగ్‌కు 18, బ్రౌజింగ్‌కు 3, స్లయిడ్లకు 9 పీరియడ్లు ఇస్తాను.

టైపింగ్‌కు ఎక్కువ ఇవ్వడానికి కారణం ఉంది. దాన్ని వేళ్లు నేర్చుకోవాలి, వివరించి చెబితే రాదు. పైగా కొంచెం కొంచెంగా చేస్తేనే నిలుస్తుంది కాబట్టి 8 నిమిషాల ముక్కలు దానికి సరిగ్గా సరిపోతాయి. F, J మీటల మీద చిన్న గీతలు చేతికి తగులుతాయి. రెండు చూపుడువేళ్లూ అక్కడ ఆనితే మిగతా వేళ్లు వాటంతటవే హోమ్ రోలో కుదురుకుంటాయి. వంతు రాని పిల్లలు అట్టముక్క మీద గీసుకున్న కీబోర్డుతో ఇదే సాధన చేయవచ్చు. వేగం రాదు గానీ ఏ అక్షరం ఏ వేలిదో గుర్తుంటుంది.

కొలిచేటప్పుడే చాలామంది దారి తప్పుతారు. వేగం లెక్కలో 5 మీటలను ఒక పదంగా తీసుకుంటారు. ఒక బాబు రెండు నిమిషాల్లో 100 మీటలు నొక్కాడు, 25 తప్పులు. ఒక పాప 80 నొక్కింది, 4 తప్పులు. బాబుది నిమిషానికి 10 పదాలు, పాపది 8. పైకి బాబే ముందున్నట్టు కనిపిస్తాడు. కానీ ప్రతి తప్పును చెరిపి మళ్లీ కొట్టడానికి మరో రెండు మీటలు కావాలి. తప్పుల్లేని 100 అక్షరాలకు బాబు 150 సార్లు నొక్కాలి, అతని వేగంతో 3 నిమిషాలు. పాపకు 110 చాలు, 2 నిమిషాల 45 సెకన్లలో ముగిస్తుంది. అందుకే ఆరో తరగతిలో వేగానికి మార్కులు వద్దు. కీబోర్డు చూడకుండా 90 శాతం సరిగ్గా కొడితే చాలు. ఎనిమిదో తరగతి ముగిసేసరికి నిమిషానికి 15 పదాలు వస్తే మంచి ఫలితమే.

ఆ 18 టైపింగ్ పీరియడ్లలో 10 ఇంగ్లిష్‌కు, 8 తెలుగుకు ఉంచుతాను. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పాలి. ఇందులో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. ‘తెలుగు’ అని రాయాలంటే `l z n g i g` అని ఆరు మీటలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. కుడి, ఎడమ చేతులు వంతులు వేసుకున్నట్టు కదులుతాయి. తెరమీద కనిపించే మూడక్షరాల వెనక ఆరు గుర్తులున్నాయని పిల్లలకు ఇక్కడే అర్థమవుతుంది. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ‘గు’ పోకుండా కొమ్ము ఒక్కటే ఎందుకు చెరుగుతుందో కూడా తెలిసిపోతుంది.

బ్రౌజింగ్‌కు మూడే పీరియడ్లు ఇచ్చానంటే దాన్ని తక్కువ చేసినట్టు కాదు. దాని అసలు పాఠం నల్లబల్ల మీదే జరుగుతుంది కాబట్టి 24 నిమిషాల ముక్కల్లోంచి దానికి ఎన్నయినా ఇవ్వవచ్చు. పిల్లలకు నేర్పాల్సిన మొదటి విద్య వెబ్ చిరునామా చదవడం. పదో తరగతి ఫలితాల రోజు ఇంటి ఫోన్‌కు ఇలాంటి లింకు వచ్చిందనుకుందాం:

```
https://bse.ap.gov.in.result.example/tenth
```

మొదట్లో `bse.ap.gov.in` కనబడగానే పెద్దవాళ్లూ నమ్మేస్తారు. `https://` తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి ఎడమకు చదవమనాలి. ముందు `example`, తర్వాత `result`. సైటు యజమాని ఈ చివరి ముక్కల్లో ఉంటాడు. దానికి ఎడమవైపు ఏ పేరైనా తగిలించుకోవచ్చు. ఇది అసలు ప్రభుత్వ సైటయితే ఆ గీతకు ఆనుకుని ముందు `gov.in` ఉండాలి. ఇలాంటి చిరునామాలు ఇరవై కాగితం మీద రాసిచ్చి, యజమాని పేరు కింద గీత గీయిస్తే తప్పు ఎక్కడ జరుగుతోందో టీచర్‌కు వెంటనే తెలుస్తుంది. ఎడమ నుంచి చదివే అలవాటున్న పిల్లలు మొదటి ముక్కకే గీత గీస్తారు.

చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే భద్రమని చెప్పడం మానేయాలి. `https` చెప్పేది దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే, అవతలివాడు మంచివాడని కాదు. క్రోమ్ 2023లోనే ఆ తాళాన్ని తీసేసి వేరే గుర్తు పెట్టింది. ఇక కంప్యూటర్ ముందు గడిపే మూడు పీరియడ్లలో చేయించాల్సినవి రెండు పనులు: పాస్‌వర్డ్ దాచుకోనా అని బ్రౌజర్ అడిగితే వద్దనడం, లేచే ముందు లాగవుట్ కావడం. నలుగురు పంచుకునే కంప్యూటర్‌లో తర్వాత కూర్చునేవాడికి మొదటివాడి ఖాతా తెరిచి ఉండటమే నిత్యం జరిగే ప్రమాదం. ఇంట్లో ఎవరి డబ్బయినా ఆన్‌లైన్ మోసంలో పోతే వెంటనే చేయాల్సిన ఫోన్ నంబరు 1930 అన్నది నోటికి రావాలి.

స్లయిడ్ల దగ్గర లెక్క మారుతుంది. నలుగురు ఒక జట్టయితే 10 జట్లకు 10 కంప్యూటర్లు, అందరికీ 32 నిమిషాలూ దొరుకుతాయి. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ ఇంప్రెస్ చాలు. విషయం పిల్లలు తామే కొలిచినదై ఉండాలి, లేకపోతే ఇంటర్నెట్ నుంచి అతికించుకొస్తారు. ఉదాహరణకు బడి కుళాయి సెకనుకో చుక్క కారుతోంది. రోజుకు 86,400 చుక్కలు. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు కాబట్టి 4,320 మిల్లీలీటర్లు, అంటే 4.3 లీటర్ల పైమాట. దీనికి ఐదు స్లయిడ్లు: ప్రశ్న, కొలిచిన పద్ధతి, వచ్చిన అంకె, తామే తీసిన ఫొటో, ఎవరు ఏం చేయాలి. ముందు ఐదింటినీ కాగితం మీద గీసి టీచర్‌కు చూపించాకే కంప్యూటర్ ముట్టాలి. లేకపోతే మొదటి రెండు పీరియడ్లు రంగులు మార్చడానికే సరిపోతాయి.

స్లయిడ్‌లో తెలుగు అక్షరం 28 పాయింట్లకు తగ్గకూడదు. వరుసల మధ్య దూరం ఇంగ్లిష్‌కన్నా ఎక్కువ కావాలి, లేదంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. డీటీపీ సెంటర్లలో వాడే అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని అతికిస్తే ఇంకో కంప్యూటర్‌లో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. దాన్ని బ్రౌజర్ వెతుకుపెట్టెలో అతికించి చూడండి. అక్కడ తెలుగు కనబడితే యూనికోడ్, లేకపోతే మళ్లీ టైపు చేయాల్సిందే.

తొమ్మిదో పీరియడ్ ప్రదర్శనకు. జట్టుకు 3 నిమిషాల చొప్పున 10 జట్లకు 30 నిమిషాలు పోతే ప్రశ్నలకు 2 నిమిషాలే మిగులుతాయి. ఇంకో పీరియడ్ కావాలంటే టైపింగ్ 18లోంచి ఒకటి తీసుకోవచ్చు. బ్రౌజింగ్ మూడింటినీ మాత్రం కదపకూడదు.