‘అప్లై చేశాం సార్’

మా తోడల్లుడు మియాపూర్ వైపు ఫ్లాటు కొన్నాడు. స్టిల్ట్ మీద 5 అంతస్తులు, మొత్తం 20 ఫ్లాట్లు. ఆషాఢం చివర్లో బిల్డర్ నుంచి వాట్సాప్ వచ్చింది: ఫ్లాటు రెడీ, బ్యాలెన్స్ కట్టి తాళాలు తీసుకోండి, శ్రావణంలో పాలు పొంగించుకోండి అని. ఓసీ ఏదని అడిగితే, ‘అప్లై చేశాం సార్, పది రోజుల్లో వచ్చేస్తుంది’ అంటూ ఒక పీడీఎఫ్ పంపారు. మావాడు అది నాకు పంపి, “అన్నయ్యా, ఇది సరిపోతుందా?” అన్నాడు.

తెరిచి చూస్తే ఆర్కిటెక్టు లెటర్‌హెడ్. మంజూరైన ప్లాను ప్రకారం కట్టడం పూర్తయిందని రెండు పేరాలు, కింద సంతకం, స్టాంపు. అది కంప్లీషన్ సర్టిఫికెట్. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ కాగితం రాసింది బిల్డర్ డబ్బులిచ్చి పెట్టుకున్న ఆర్కిటెక్టు. బిల్డర్ దాన్ని, కట్టిన భవనం ప్లాన్లను జతచేసి కార్పొరేషన్‌కు ఇస్తాడు. టౌన్ ప్లానింగ్ వాళ్లు వచ్చి, మంజూరు ప్లానుతో పోల్చి చూసి, సరిగ్గా ఉంటే ఇచ్చేది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ. మొదటిది పూర్తయిందని బిల్డర్ వైపు చెప్పే మాట, రెండోది ఉండొచ్చని ప్రభుత్వం చెప్పే మాట.

మరి ఓసీ ఎందుకు ఆగింది? ఆదివారం ఇద్దరం వెళ్లి డాబా ఎక్కాం. నీళ్ల ట్యాంకు పక్కన రెండు గదులు, రేకుల కప్పు, గోడకు ఏసీ పైపు. ప్లానులో అక్కడ ఖాళీ డాబా తప్ప ఏమీ లేదు. పక్కన, వెనక వదలాల్సిన జాగాలో కొద్ది తేడా వస్తే, 10 శాతం లోపు జరిమానా కట్టించుకుని ఒప్పుకునే వీలు 2012 నాటి భవన నిర్మాణ నియమాల్లో ఉంది. పైన లేపిన అంతస్తుకు ఆ వెసులుబాటు లేదు.

ఓసీ లేకుండా దిగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. ఓసీ చూపించేదాకా నీళ్లకు, కరెంటుకు రెగ్యులర్ కనెక్షన్ ఇవ్వకూడదని, ఇస్తే మూడింతలు వసూలు చేయొచ్చని అవే నియమాలు చెబుతాయి. ముంబైలో ఒక హౌసింగ్ సొసైటీ వాళ్లు ఓసీ లేకుండానే 1997లో ఫ్లాట్లలోకి వెళ్లారు. తర్వాత ఆస్తిపన్ను 25 శాతం, నీటి చార్జీ 50 శాతం ఎక్కువ కట్టాల్సివచ్చింది. ఓసీ తేకపోవడం బిల్డర్ తప్పేనని, తెచ్చేదాకా ఆ తప్పు కొనసాగుతూనే ఉంటుందని 2022 జనవరిలో సుప్రీంకోర్టు వాళ్లకు అనుకూలంగా చెప్పింది. కానీ చివరికి జరిగింది కేసు మళ్లీ కింది కమిషన్‌కు వెళ్లడమే. గెలుపు కూడా పాతికేళ్లకు ఇంత!

మా వాళ్లలో మరో భయం ఉంటుంది: తాళాలు తీసుకోకపోతే మనదే తప్పవుతుందేమో, మెయింటెనెన్స్ మొదలెడతారేమో అని. రెరా చట్టం 19వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు ఫ్లాటును స్వాధీనం చేసుకోవాల్సిన గడువు రెండు నెలలు. ఆ రెండు నెలలు లెక్కించేది ఓసీ వచ్చిన రోజు నుంచి, బిల్డర్ వాట్సాప్ పెట్టిన రోజు నుంచి కాదు. ఓసీ తెచ్చి కొన్నవాళ్లకు ఇవ్వాల్సిన బాధ్యత 11వ సెక్షన్‌లో బిల్డర్ మీదే ఉంది.

మావాడు వాట్సాప్ వదిలేసి మెయిల్ రాశాడు. ఓసీ కాపీ ఇవ్వండి, వచ్చాకే స్వాధీనం తీసుకుంటాను, చివరి వాయిదా అప్పుడే కడతాను అని మూడే వాక్యాలు. ‘పోనీ ఇంటీరియర్స్ కోసం తాళాలు తీసుకోండి’ అన్నారు. వాళ్లు ముందుకు జరిపిన కాగితంలో మాత్రం ‘ఫ్లాటు పూర్తిగా స్వాధీనం చేసుకున్నాను, ఇక ఎలాంటి క్లెయిమూ లేదు’ అని ఉంది. సంతకం పెట్టలేదు. అది పెట్టుంటే, ఆలస్యానికి వడ్డీ అడిగిన రోజున బిల్డర్ మొదట బయటకు తీసేది ఆ కాగితాన్నే.

ఇంకో సంగతి, ఇది అమ్మేవాళ్లు చెప్పరు. ప్లాను మంజూరు చేసేటప్పుడు కట్టబోయే వైశాల్యంలో 10 శాతాన్ని, సాధారణంగా కింది అంతస్తుల్లో, కార్పొరేషన్ పూచీగా ఉంచుకుంటుంది. 20 ఫ్లాట్లుంటే సుమారు రెండు. ఓసీ వచ్చాకే వాటిని విడుదల చేస్తారు. మావాడిది నాలుగో అంతస్తు కాబట్టి ఆ బెడద లేదు. మొదటి అంతస్తులో కొన్నాయన మాత్రం ఈసీ తీయించి చూసుకుని, ఆ సాయంత్రమే మావాడికి ఫోన్ చేశాడు. ఆ తర్వాత మెయిల్స్ రాసినవాళ్లు పదకొండు మంది అయ్యారు.

కార్తీకంలో ఓసీ వచ్చింది. మావాడు ముందు మంజూరు నంబరు, తర్వాత అంతస్తులు, ఫ్లాట్ల సంఖ్య ప్లానుతో పోల్చుకున్నాడు. స్టిల్ట్ ప్లస్ 5, ఇరవై. డాబా మీద గదులు లేవు. గోడ కూల్చిన చోట కొత్త సిమెంటు పూత ఇంకా తడిగానే ఉంది.